ఎర్రటి గుండ్రాలు – ఐదా, తొమ్మిదా?

1989లో వానలు మొదలయ్యే రోజుల్లో కాఠ్మండూలో విదేశీ ప్రయాణికులకు వైద్యం చేసే ఒక క్లినిక్‌కు ఒకే రకం రోగులు వరసగా రావడం మొదలైంది. నీళ్ల విరేచనాలు. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ పట్టుకుంటాయి. అన్నం సహించదు, నాలుగడుగులు వేస్తే నీరసం. వారాల తరబడి ఇదే తంతు. మలపరీక్షలో అమీబా లేదు, జియార్డియా లేదు. కానీ మైక్రోస్కోపు కింద, లోపల గింజలు గింజలుగా ఉన్న గుండ్రటి కణాలు కనిపించాయి. అవి ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ కణాల్లో కొన్ని, క్షయ సూక్ష్మజీవిని పట్టుకునే ఎర్ర రంగును పట్టుకున్నాయి. ఆ రంగు పట్టే గుండ్రటి పరాన్నజీవి ఒకటి అప్పటికే వైద్యులకు బాగా తెలుసు. దాని పేరు క్రిప్టోస్పోరిడియం. 1976లో మొదటిసారి మనుషుల్లో గుర్తించారు. ఎయిడ్స్ రోగులను ప్రాణాల మీదకు తెచ్చే విరేచనాలకు అదొక కారణమని 1980లలో తేలింది. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. క్రిప్టోస్పోరిడియం అడ్డకొలత 4 నుంచి 6 మైక్రాన్లు. కాఠ్మండూలో కనిపించినవి 8 నుంచి 10 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంటే తేడా మిల్లీమీటరులో వెయ్యోవంతులు నాలుగు మాత్రమే. దాని మీదే మొత్తం కథ నడిచింది.

అలాంటి కణాలనే పాపువా న్యూ గినీలో ముగ్గురు రోగుల మలంలో చూసినట్టు అంతకు పదేళ్ల ముందే, 1979లో ఆష్‌ఫర్డ్ అనే పరిశోధకుడు రాశాడు. ఆ తర్వాత చూసినవాళ్లలో కొందరు వాటిని ‘పెద్ద క్రిప్టోస్పోరిడియం’ అన్నారు. ఇంకొందరు నాచు జాతికి చెందినవేమో అనుకున్నారు. చిక్కుముడి విప్పింది పెరూ దేశంలో పనిచేసిన పరిశోధకురాలు యెనెస్ ఒర్తేగా, ఆమె సహచరులు. రోగుల మలంలోని కణాలను పొటాషియం డైక్రోమేట్ ద్రవంలో ఉంచి రోజుల తరబడి ఎదురు చూశారు. రెండు వారాలు తిరగకముందే గుండ్రటి కణం లోపల రెండు చిన్న సంచులు ఏర్పడ్డాయి. ఒక్కో సంచిలో రెండేసి పిల్లజీవులు. ఈ అమరిక సైక్లోస్పోరా జాతిది. 1993లో ఆ సంగతి ప్రకటించారు. మరుసటి ఏడాది, లీమా నగరంలోని కయెటానో హెరేడియా విశ్వవిద్యాలయం పేరు మీద ఈ జీవికి సైక్లోస్పోరా కయెటానెన్సిస్ అని పేరు పెట్టారు.

ఈ రెండు జీవుల్నీ మలం స్మియర్‌లో కనిపెట్టడానికి నేటికీ చిన్న ల్యాబుల చేతిలో ఉన్న సాధనం అదే ఎర్ర రంగు. దాన్ని మాడిఫైడ్ యాసిడ్ ఫాస్ట్ స్టెయినింగ్ అంటారు. డాక్టర్ చీటీలో మామూలుగా ‘స్టూల్ ఎగ్జామినేషన్’ అని రాస్తే ఈ పరీక్ష చాలాచోట్ల జరగదు. టెక్నీషియన్ ఒక చుక్క సెలైన్‌లో, ఒక చుక్క అయోడిన్‌లో కొద్దిగా మలం కలిపి చూస్తాడు. నులిపురుగుల గుడ్లు, అమీబా, జియార్డియా అందులో బాగానే దొరుకుతాయి. క్రిప్టోస్పోరిడియం మాత్రం అయోడిన్ రంగు పట్టని సన్నటి మెరుపు చుక్కలా ఈస్ట్ కణాల మధ్య కలిసిపోతుంది. అందుకే ‘మాడిఫైడ్ ఏఎఫ్‌బీ స్టెయిన్’ అని చీటీ మీద విడిగా రాయాలి. ఈ ఒక్క మాట రాయకపోవడం వల్ల ఎన్ని రిపోర్టులు ‘పరాన్నజీవులు లేవు’ అని వెనక్కి వెళ్తున్నాయో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

మలంలో బయటికొచ్చే దశను ఊసిస్టు అంటారు. గట్టి గోడ ఉన్న గింజ అనుకోవచ్చు. ఆ గోడలో కొవ్వు స్వభావం ఉన్న పదార్థాలు ఉన్నాయి. కార్బల్ ఫుక్సిన్ అనే ఎర్ర ద్రవంలోని ఫినాల్ సాయంతో రంగు ఆ గోడలోకి దిగుతుంది. తర్వాత ఆసిడ్ పోస్తే మిగతా చెత్తంతా రంగు వదిలేస్తుంది, ఊసిస్టు మాత్రం వదలదు. క్షయ పరీక్షలోనూ జరిగేది ఇదే. కాకపోతే క్షయ బ్యాక్టీరియా మొండిది. మన దేశంలో తెమడ పరీక్షకు 25 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్ వాడినా దాని రంగు చెదరదు. ఊసిస్టు గోడకు అంత పట్టు లేదు. అదే ఆసిడ్ దీని మీద పోస్తే ఊసిస్టులు కూడా రంగు కోల్పోతాయి. అందుకని ఇక్కడ ఒక్క శాతం ఆసిడే వాడతారు. ‘మాడిఫైడ్’ అనే మాటకు అసలు అర్థం ఈ పలచటి ఆసిడే.

పద్ధతులు రెండు మూడున్నాయి. వాటిలో వేడి అక్కర్లేని కిన్యూన్ పద్ధతి అన్నిటికంటే సులువు. దీనికి వాడే కార్బల్ ఫుక్సిన్‌లో రంగూ ఫినాలూ మామూలు కంటే ఎక్కువ పాళ్లలో ఉంటాయి కాబట్టి స్లైడు కింద మంట పెట్టే పని లేదు.

మొదట స్మియర్ వేయాలి. మలం పలచగా ఉంటే సెంట్రిఫ్యూజ్ చేసి అడుగున చేరిన దానిలోంచి ఒకటి రెండు చుక్కలు తీసుకుంటారు. ఇక్కడ తొందర పనికిరాదు. ఈ ఊసిస్టులు చిన్నవి, తేలిక. గురుత్వానికి 500 రెట్ల బలంతో పది నిమిషాలు తిప్పితేనే అడుగుకు చేరతాయి. రెండు నిమిషాలకే ఆపేస్తే పైనీళ్లతో పాటు సింకులోకి పోతాయి. స్మియర్ ఎంత పలచగా ఉండాలంటే, ఆరాక స్లైడును అచ్చు కాగితం మీద పెడితే కింది అక్షరాలు చదవగలగాలి. ఆరిన స్మియర్ మీద మెథనాల్ పోసి ఒక నిమిషం ఉంచి మళ్లీ ఆరనిస్తారు. దాంతో స్మియర్ స్లైడుకు అంటుకుంటుంది.

ఇప్పుడు కార్బల్ ఫుక్సిన్. స్లైడు నిండా పోసి ఐదు నిమిషాలు వదిలేస్తే స్మియర్ మొత్తం ముదురు గులాబీ రంగు తేలుతుంది. 50 శాతం ఇథనాల్‌తో ఒకసారి, వెంటనే నీళ్లతో మరొకసారి కడిగేస్తారు. ఆ తర్వాత ఒక్క శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్ రెండు నిమిషాలు. ఈ రెండు నిమిషాలే పరీక్షకు గుండెకాయ. టెక్నీషియన్ స్లైడును పక్కకు వంచి, కారే నీళ్లలో గులాబీ రంగు ఇంకా ఉందా అని చూస్తాడు. స్మియర్ మందంగా ఉన్నచోట రంగు త్వరగా వదలదు. అలాగని ఇంకాసేపు ఉంచితే పలచగా ఉన్నచోట ఊసిస్టులు కూడా తేలిపోతాయి. కడిగి, చివరగా మిథిలీన్ బ్లూ ఒక నిమిషం. దానికి బదులు మలకైట్ గ్రీన్ వాడే ల్యాబులూ ఉన్నాయి. ఏది వాడారన్నదాన్ని బట్టి వెనక నేల నీలంగానో ఆకుపచ్చగానో కనిపిస్తుంది. మళ్లీ కడిగి ఆరబెడితే స్లైడు సిద్ధం.

మైక్రోస్కోపు మీద ముందు 40 లెన్సుతో వెతుకుతారు. నీలి నేల మీద గులాబీ నుంచి చిక్కటి ఎరుపు దాకా ఉన్న చిన్న గుండ్రం కనిపించగానే నూనె చుక్క వేసి 100 లెన్సుకు మార్చుతారు. క్రిప్టోస్పోరిడియం అయితే గుండ్రంగానో కొద్దిగా కోలగానో ఉంటుంది. అంచు శుభ్రంగా తెలుస్తుంది. ఫోకస్ మరను సన్నగా అటూ ఇటూ తిప్పితే లోపల రంగు ఒకే తీరుగా లేదని అర్థమవుతుంది. ఒకవైపు నెలవంక ఆకారంలో ముదురు ఎరుపు గీతలు. అవి లోపల ముడుచుకుని ఉన్న నాలుగు పిల్లజీవులు. పక్కన ఒక నల్లటి చుక్క కూడా కనిపించవచ్చు. అన్ని ఊసిస్టుల్లో ఇదంతా ఇంత స్పష్టంగా ఉండదు. కానీ కొన్నిట్లోనైనా కనిపిస్తే చూసేవారికి ధైర్యం వస్తుంది.

సైక్లోస్పోరా దారి వేరు. ఒకే స్లైడులో, ఒకే ఫీల్డులో పక్కపక్కనే ఉన్న నాలుగు ఊసిస్టులు నాలుగు రంగుల్లో ఉంటాయి. ఒకటి నిండు ఎరుపు. ఒకటి లేత గులాబీ. ఒకదానిలో రంగు అక్కడక్కడా మచ్చల్లా పట్టింది. నాలుగోది రంగే పట్టలేదు. గాజు ముక్కలా తెల్లగా, గోడ కాస్త ముడతలు పడి, నలిపిన సెల్లోఫేన్ కాగితంలా ఉంటుంది. ఈ రంగులేని వాటిని ‘ఘోస్ట్’లు అంటారు. కొత్తగా చేరిన టెక్నీషియన్లు పొరపడేది ఇక్కడే. ఎర్రటివి మాత్రమే వెతికేవారి కళ్లకు ఘోస్ట్‌లు ఖాళీ బుడగల్లా కనిపిస్తాయి. అనుభవం ఉన్నవారు మాత్రం ఎరుపు, గులాబీ, రంగులేనివి ఒకే పరిమాణంలో కలిసి ఉండటాన్నే సైక్లోస్పోరాకు గుర్తుగా పట్టుకుంటారు.

ఇక కొలత. మైక్రోస్కోపు కంటిలెన్సులో గీతలున్న చిన్న గాజు బిళ్లను ఆక్యులర్ మైక్రోమీటర్ అంటారు. దాని గీతలకు సొంతంగా విలువ లేదు. ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసిన మరో స్లైడును కింద పెట్టి సరిచూడాలి. ఆ స్లైడులో ఒక్కో భాగం 10 మైక్రాన్లు. 100 లెన్సుతో చూసినప్పుడు కంటిలెన్సులోని వంద గీతలు కింది స్లైడులో పది భాగాలకు సరిపోయాయనుకుందాం. అంటే వంద గీతలు 100 మైక్రాన్లు, ఒక్కో గీత ఒక మైక్రాన్. అదే మైక్రోస్కోపులో 40 లెన్సుకు మారితే ఒక్కో గీత విలువ 2.5 మైక్రాన్లవుతుంది. లెన్సు మార్చి లెక్క మార్చకపోతే 5 మైక్రాన్ల కణం రెండు గీతలే కనిపిస్తుంది, రాసుకునేవారు దాన్ని 2 మైక్రాన్లుగా రాసేస్తారు. ఈ బిళ్ల అందుబాటులో లేనిచోట ఎర్ర రక్తకణం ఒక మోటు కొలబద్ద. దాని అడ్డకొలత దాదాపు 7.5 మైక్రాన్లు. క్రిప్టోస్పోరిడియం దానికంటే చిన్నది, సైక్లోస్పోరా దానికంటే కొంచెం పెద్దది. అంచనాకు పనికొస్తుంది గానీ రిపోర్టు మీద సంతకం పెట్టడానికి చాలదు.

కొలవకపోతే ఏమవుతుందో అమెరికాలో 1995లో తెలిసొచ్చింది. ఫ్లోరిడాలోనూ న్యూయార్క్ నగరంలోనూ ఈ పరాన్నజీవుల కేసులు ఒక్కసారిగా పెరిగినట్టు ల్యాబు రిపోర్టులు చెప్పాయి. స్లైడులను మళ్లీ పరీక్షించి చూస్తే చాలావరకు అవి సైక్లోస్పోరా కాదు, క్రిప్టోస్పోరిడియం కాదు. ఏవో గుండ్రటి వస్తువులను పరాన్నజీవులుగా పొరబడ్డారు. ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ 1997లో దాన్ని ‘నకిలీ వ్యాప్తి’గానే ప్రకటించింది. ఆ పొరపాటుకు దారితీసిన పరిస్థితి ఏ ల్యాబులోనైనా ఉంటుంది. మలం స్మియర్‌లో ఎర్రగా కనిపించే వస్తువులకు కొదవే లేదు. వడపోయకుండా వాడిన కార్బల్ ఫుక్సిన్ నుంచి రంగు గడ్డలు స్లైడు మీద పడతాయి. కానీ వాటి అంచు గుండ్రంగా ఉండదు, కణాలున్న ఫోకస్‌లో ఉండక కాస్త పైకి తేలుతాయి, లోపల ఏ నిర్మాణమూ కనిపించదు. ఈస్ట్ కణాలు చాలావరకు నీలంగానే ఉంటాయి. మొగ్గ తొడిగిన ఈస్ట్ ఒక్కటి కనిపించినా అనుమానం తీరిపోతుంది, ఎందుకంటే ఊసిస్టుకు మొగ్గ రాదు. కొన్ని శిలీంధ్రాల బీజాలు మాత్రం ఎరుపు పట్టి కొంచెం ఇబ్బంది పెడతాయి. ఈ వరసలోనే ఇంకో చుట్టం కూడా ఉంది. సిస్టోయిసోస్పోరా కూడా ఎర్రగానే ఉంటుంది, కానీ కోలగా, 20 నుంచి 33 మైక్రాన్ల పొడవుంటుంది కాబట్టి దాన్ని చూసి పొరబడేవారు అరుదు.

సైక్లోస్పోరా అనుమానం తీర్చుకోవడానికి మరో దారి ఉంది. దానికి ఏ రంగూ అక్కర్లేదు. రంగు వేయని తడి స్లైడును అతినీలలోహిత కాంతిలో చూస్తే ఊసిస్టు గోడ తనంతట తానే నీలి ఉంగరంలా వెలుగుతుంది. నీలి కాంతి వాడితే ఆకుపచ్చగా వెలుగుతుంది. క్రిప్టోస్పోరిడియం అలా వెలగదు. మన దగ్గర టీబీ పరీక్షల కోసం ఎల్‌ఈడీ ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు ఉన్న ల్యాబులో, దానిలో నీలి కాంతి ఉంటుంది కాబట్టి, ఆకుపచ్చ ఉంగరం కనిపిస్తుందేమో ఒకసారి చూడవచ్చు. పక్క గదిలోనే ఉన్న పరికరాన్ని మలం స్లైడుకు వాడే ఆలోచన రాకపోతే అది దండగే.

పద్ధతి ఎంత శ్రద్ధగా చేసినా దానికో హద్దుంది. మలంలో ఊసిస్టులు చాలినన్ని లేకపోతే కంటికి దొరకవు. 1991లో ప్రచురించిన ఒక అధ్యయనంలో తెలిసిన సంఖ్యలో క్రిప్టోస్పోరిడియం ఊసిస్టులను మలంలో కలిపి చూశారు. నీళ్ల విరేచనంలో గ్రాముకు 10,000 ఉంటే ఈ రంగుతో నమ్మకంగా దొరికాయి. మలం గట్టిగా ఉన్నప్పుడు అదే నమ్మకానికి గ్రాముకు 5,00,000 కావాల్సి వచ్చింది. అందుకే విరేచనాలు జోరుగా ఉన్న రోజుల్లో తీసిన మలమే మంచిది. పైగా ఈ జీవులు రోజూ ఒకే తీరుగా బయటికి రావు. రోజు విడిచి రోజు తీసిన మూడు శాంపిళ్లు చూస్తే ఒక్కటి చూసినదానికంటే చాలా ఎక్కువ కేసులు దొరుకుతాయి. ప్రతి బ్యాచ్‌తో పాటు ఊసిస్టులున్నాయని ముందే తెలిసిన ఒక స్లైడుకు కూడా రంగు వేయాలి. ఆ స్లైడులోనే అవి ఎర్రబడకపోతే ఆనాటి ‘నెగెటివ్’లన్నిటినీ పక్కన పెట్టేయాల్సిందే.

ఇదంతా ఒక రోగి విషయంలో ఎలా కూడుతుందో చూడటానికి ఒక ఊహా ఉదాహరణ. ముప్ఫై నాలుగేళ్ల వ్యక్తి. హెచ్‌ఐవీ ఉందని కొత్తగా తెలిసింది. మూడు వారాలుగా నీళ్ల విరేచనాలు, ఆరు కిలోల బరువు తగ్గాడు. సెలైన్, అయోడిన్ పరీక్షల్లో ఏమీ లేదు. మొదటి శాంపిల్ గట్టి మలం, స్మియర్‌లో ఏమీ దొరకలేదు. రెండో శాంపిల్ నీళ్లలా వచ్చింది. సెంట్రిఫ్యూజ్ చేసి స్మియర్ వేసి, రెండు మూడు వందల ఫీల్డులు ఓపికగా చూస్తే చిక్కటి ఎరుపు గుండ్రాలు పదహారు దొరికాయి. గీతల లెక్కలో ఎక్కువభాగం నాలుగున్నర నుంచి ఐదున్నర. రెండిట్లో నెలవంక గీతలు తెలుస్తున్నాయి. అన్నీ ఎరుపే, ఘోస్ట్‌లు ఒక్కటీ లేవు. రిపోర్టు: క్రిప్టోస్పోరిడియం ఊసిస్టులు, దాదాపు 5 మైక్రాన్లు. అతని విషయంలో అసలు మందు హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ. రోగనిరోధక శక్తి కోలుకుంటేనే ఈ విరేచనాలు నిలబడతాయి. నిటాజాక్సనైడ్ అనే మందు శక్తి బాగా ఉన్నవారికి ఉపయోగపడుతుంది గానీ, ఇంత బలహీనపడిన ఒంట్లో ఒక్కదాన్నే నమ్ముకుంటే చాలదు.

అదే స్లైడులో గుండ్రాలు తొమ్మిది గీతలు ఉండి, పదహారులో ఆరు రంగులేని ఘోస్ట్‌లైతే కథ మారిపోయేది. సైక్లోస్పోరాకు కోట్రైమాక్సజోల్ బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు రెండుసార్లు చొప్పున వారం నుంచి పది రోజులు ఇస్తారు. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఇంకా ఎక్కువ రోజులు పట్టవచ్చు. క్రిప్టోస్పోరిడియాన్ని ఆ మందు ఏమీ చేయదు. ఇంట్లోవాళ్లకు ఇచ్చే సలహా కూడా మారుతుంది. క్రిప్టోస్పోరిడియం ఊసిస్టు మలంతో బయటికొచ్చిన క్షణం నుంచే అంటుకోగలదు. క్లోరిన్ నీళ్లకు తేలిగ్గా చావదు. కాబట్టి బట్టలు ఉతికేవారు, ల్యాబులో ఆ శాంపిల్ పట్టుకునేవారు కూడా గ్లౌజులు వేసుకుని, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సైక్లోస్పోరా ఊసిస్టు బయటికొచ్చేసరికి పచ్చిది. అంటుకునే స్థితికి రావడానికి దానికి బయట, వెచ్చటి తేమలో, వారం రెండు వారాలు పడుతుంది. అందువల్ల అది మనిషి నుంచి మనిషికి నేరుగా రాదు. 1996లో అమెరికా, కెనడాల్లో 1,465 మంది జబ్బుపడినప్పుడు వారి కడుపులోకి అది చేరింది గ్వాటెమాలా నుంచి వచ్చిన రాస్ప్‌బెర్రీ పళ్ల ద్వారా.

ఆ వ్యక్తి రెండో శాంపిల్ స్లైడును టెక్నీషియన్ పారేయడు. నూనెను తుడిచి, పేరు కనపడకుండా నంబరు మాత్రమే వేసి పెట్టెలో పెడతాడు. రేపటి బ్యాచ్‌లో మళ్లీ రంగు వేయడానికి అదే మలంలో కొంత ఫార్మలిన్‌లో భద్రంగా ఉంది. కొత్త ఫుక్సిన్ సీసా తెరిచినప్పుడు ముందు దాని స్మియర్ మీదే ఆ ఐదు మైక్రాన్ల ఎరుపు వస్తోందో లేదో చూసుకుంటారు.